టీడీఎస్ రిటర్ను ఆలస్యమైతే వడ్డీకి నెలలు, లేట్ ఫీజుకు రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నిటికీ ఆధారంగా ఒకే లెక్కను తీసుకున్నాము. విశాఖపట్నం ఆటోనగర్‌లో గోదాము అద్దెకు తీసుకుని సరుకు రవాణా చేసే ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఊహించుకోండి. 2024-25 ఆర్థిక సంవత్సరం మూడో త్రైమాసికానికి, అంటే 2024 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఆ కంపెనీ తన టీడీఎస్ రిటర్ను, అంటే జీతాలు కాని చెల్లింపుల్లోంచి మినహాయించిన పన్ను వివరాలిచ్చే 26క్యూ స్టేట్‌మెంటు దాఖలు చేయాలి. లెక్క సులువుగా సాగడానికి అంకెలను గుండ్రంగా ఉంచాము. ఈ కాలానికి వర్తించేది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల సంఖ్యలన్నీ ఆ చట్టంలోనివే.

వడ్డీ, లేట్ ఫీజు ఒకటేనా?

కావు. మినహాయించిన పన్నును ప్రభుత్వ ఖాతాలో ఆలస్యంగా జమ చేసినందుకు, లేదా మినహాయించవలసిన రోజున మినహాయించనందుకు వడ్డీ పడుతుంది. ఇది సెక్షన్ 201(1ఏ) కిందిది. పన్ను సకాలంలోనే కట్టినా, దాని వివరాలతో కూడిన త్రైమాసిక స్టేట్‌మెంటును గడువులోగా దాఖలు చేయకపోతే లేట్ ఫీజు పడుతుంది. ఇది సెక్షన్ 234ఈ కిందిది. ఒకటి డబ్బు ఆలస్యానికి, రెండోది కాగితం ఆలస్యానికి. వడ్డీ నెలల చొప్పున పెరుగుతుంది, ఫీజు రోజుల చొప్పున పెరుగుతుంది. లెక్కలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ తేడాను మరిచిపోవడం వల్ల వచ్చేవే.

గడువు తేదీలు ఏవి?

ప్రభుత్వేతర సంస్థలు ఒక నెలలో మినహాయించిన పన్నును తర్వాతి నెల 7వ తేదీలోగా జమ చేయాలి. మార్చిలో మినహాయించిన దానికి మాత్రం ఏప్రిల్ 30 వరకు గడువు ఉంటుంది. స్టేట్‌మెంటుకు మొదటి త్రైమాసికంలో జూలై 31, రెండోదానికి అక్టోబరు 31, మూడోదానికి జనవరి 31, నాలుగోదానికి మే 31 గడువులు. మన కంపెనీకి వర్తించే గడువు 31 జనవరి 2025.

మన కంపెనీ ఆ త్రైమాసికంలో ఏమేం మినహాయించింది?

గోదాము అద్దె నెలకు రూ. 60,000. ప్రతి నెలా 5వ తేదీన అద్దె చెల్లిస్తూ 10 శాతం చొప్పున రూ. 6,000 మినహాయించారు. ఇవి కాక ఒక కన్సల్టెంటుకు సంబంధించిన రెండు బిల్లులు ఉన్నాయి. మొదటిది లక్ష రూపాయల బిల్లు. దానిని 28 అక్టోబరున ఖాతా పుస్తకాల్లో జమ వేశారు కానీ పన్ను మినహాయించలేదు. డబ్బు చెల్లించే సమయంలో, 4 డిసెంబరున, రూ. 10,000 మినహాయించారు. రెండోది రెండు లక్షల బిల్లు. దానికి 30 నవంబరున రూ. 20,000 మినహాయించారు. మూడు నెలల అద్దెతో కలిపి మొత్తం పన్ను రూ. 48,000.

జమ చేసిన తీరు ఇలా ఉంది. అక్టోబరు అద్దెపై పన్నును 7 నవంబరున కట్టారు కాబట్టి దానితో పేచీ లేదు. నవంబరులో మినహాయించిన రూ. 26,000 (అద్దె 6,000, కన్సల్టెంటు 20,000) 7 డిసెంబరులోగా కట్టవలసి ఉండగా 9 డిసెంబరున కట్టారు. డిసెంబరులో మినహాయించిన రూ. 16,000 (అద్దె 6,000, ఆలస్యంగా మినహాయించిన 10,000) 7 జనవరిలోగా కట్టవలసి ఉండగా 10 మార్చి 2025న కట్టారు. స్టేట్‌మెంటు 12 మార్చి 2025న దాఖలైంది.

నవంబరు పన్నుకు ఆలస్యం రెండు రోజులే కదా, వడ్డీ ఎంత?

రెండు నెలల వడ్డీ పడుతుంది. ఎక్కువ మందికి మింగుడుపడని జవాబు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాము.

మినహాయించిన పన్నును ఆలస్యంగా కడితే నెలకు లేదా నెలలో ఏ భాగానికైనా 1.5 శాతం వడ్డీ అని సెక్షన్ 201(1ఏ) చెబుతుంది. ఆ లెక్క గడువు తేదీ నుంచి మొదలు కాదు, మినహాయించిన తేదీ నుంచి మొదలవుతుంది. 7వ తేదీలోగా కట్టినవారికి వడ్డీ ప్రసక్తే లేదు. ఆ తేదీ దాటిన మరుక్షణం మాత్రం లెక్క వెనక్కి వెళ్లి మినహాయించిన రోజు దగ్గర మొదలవుతుంది. పైగా వైశాలిలోని టీడీఎస్ కేంద్రీకృత ప్రాసెసింగ్ సెల్ నెలను ముప్పై రోజులుగా కాక క్యాలెండరు నెలగా చూస్తుంది. నెల భాగాన్ని పూర్తి నెలగా తీసుకోవాలని ఆదాయపు పన్ను నిబంధన 119ఏ కూడా చెబుతుంది.

ఇప్పుడు కన్సల్టెంటు పన్ను చూడండి. మినహాయించినది 30 నవంబరు, కట్టినది 9 డిసెంబరు. మధ్యలో గడిచినవి పట్టుమని పది రోజులు కూడా కాదు. అయినా ఆ వ్యవధి నవంబరును ఒక్క రోజు, డిసెంబరును తొమ్మిది రోజులు తాకింది కాబట్టి రెండు నెలలు అవుతుంది. 20,000 × 1.5% × 2 = రూ. 600. నవంబరు 5న మినహాయించిన అద్దె పన్నుకు కూడా అవే రెండు నెలలు: 6,000 × 1.5% × 2 = రూ. 180. ఒకటి 34 రోజులు చేతిలో ఉంది, మరొకటి 9 రోజులు ఉంది; వడ్డీ రేటు మాత్రం రెండింటికీ 3 శాతమే.

7 డిసెంబరు శనివారం కదా, సెలవుగా పరిగణించరా?

2024లో ఆ తేదీ నెలలో మొదటి శనివారం. బ్యాంకులకు సెలవు రెండో, నాలుగో శనివారాలకే కాబట్టి ఆ వాదన నిలవదు. పైగా e-Pay Tax ద్వారా నెట్ బ్యాంకింగ్‌లో శనివారమైనా ఆదివారమైనా కట్టవచ్చు.

పన్నే మినహాయించని రోజులకు వడ్డీ ఎలా?

28 అక్టోబరు నాటి బిల్లులో వచ్చిన చిక్కు ఇదే. కన్సల్టెంటు ఫీజు విషయంలో, ఖాతాలో జమ వేసిన రోజు, డబ్బు చెల్లించిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే ఆ రోజే పన్ను మినహాయించాలి. అకౌంటెంటు 28 అక్టోబరున జమ ఎంట్రీ వేశాడు కానీ, డబ్బు ఇచ్చేటప్పుడు చూసుకుందామని పన్నును వదిలేశాడు. అందువల్ల ఇక్కడ రెండు దశల వడ్డీ వస్తుంది.

మొదటి దశ మినహాయించవలసిన తేదీ నుంచి మినహాయించిన తేదీ వరకు, నెలకు 1 శాతం. 28 అక్టోబరు నుంచి 4 డిసెంబరు వరకు నడిచింది 37 రోజులే, కానీ ఆ వ్యవధి అక్టోబరు, నవంబరు, డిసెంబరు అనే మూడు నెలలను తాకింది: 10,000 × 1% × 3 = రూ. 300. రెండో దశ మినహాయించిన తేదీ నుంచి జమ చేసిన తేదీ వరకు, నెలకు 1.5 శాతం. 4 డిసెంబరు నుంచి 10 మార్చి వరకు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి అని నాలుగు నెలలు: 10,000 × 1.5% × 4 = రూ. 600. డిసెంబరు రెండు దశల్లోనూ లెక్కకు వచ్చింది చూశారా? ఒకే నెలను రెండుసార్లు లెక్కించడం అన్యాయంగా తోచవచ్చు, కానీ రెండు దశలకూ ‘నెల లేదా నెలలో భాగం’ అన్న మాట విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి లెక్క అలాగే వస్తుంది.

డిసెంబరు అద్దె పన్నుకు ఇంత గొడవ లేదు. 5 డిసెంబరు నుంచి 10 మార్చి వరకు నాలుగు నెలలు, 6,000 × 1.5% × 4 = రూ. 360.

మొత్తం వడ్డీ ఎంత అయింది?

నవంబరు పన్నుకు 600, 180 కలిపి 780. ఆలస్యంగా మినహాయించిన బిల్లుకు 300, 600 కలిపి 900. డిసెంబరు అద్దెకు 360. మొత్తం రూ. 2,040.

9 డిసెంబరున రూ. 26,000 కట్టినప్పుడు, రెండు రోజులేగా అనుకుని, ఆ రూ. 780 కలపలేదు. దాన్ని మార్చి చలానాలో మిగిలిన వడ్డీతో కలిపి కట్టవలసి వచ్చింది.

10 మార్చికి బదులు 31 మార్చిన కడితే వడ్డీ పెరిగేదా?

పెరిగేది కాదు. క్యాలెండరు నెల లెక్కలో మార్చి 1న కట్టినా 31న కట్టినా నాలుగు నెలలే. అదే ఫిబ్రవరి 28న కట్టి ఉంటే మూడు నెలలతో సరిపోయేది; రూ. 16,000 మీద ఒక నెల వడ్డీ, అంటే రూ. 240 మిగిలేది. గడువు ఎలాగూ దాటిందని తెలిసినప్పుడు చూసుకోవలసిన తేదీ నెలాఖరు. ఒకటో తేదీ తెల్లవారితే మరో 1.5 శాతం చేరుతుంది.

ముప్పై రోజులను నెలగా లెక్కించాలని వాదించవచ్చా?

వాదించవచ్చు. నెల అంటే ముప్పై రోజుల వ్యవధిగా చూడాలని కొన్ని ఆదాయపు పన్ను ట్రైబ్యునల్ బెంచీలు అభిప్రాయపడ్డాయి. ఆ లెక్కన 30 నవంబరు నాటి పన్నుకు ఒకే నెల వడ్డీ పడుతుంది, రూ. 300 మిగులుతాయి. అయితే ప్రాసెసింగ్ సెల్ సాఫ్ట్‌వేర్ ఆ తీర్పులను చూడదు. క్యాలెండరు నెలల చొప్పునే డిమాండు పంపుతుంది. దాని మీద అప్పీలుకు వెళ్లడానికి అయ్యే ఖర్చు ముందు మూడు వందలు ఏపాటి? లక్షల్లో పన్ను ఉన్నవారికి మాత్రం ఈ వాదన ఆలోచించదగినదే.

లేట్ ఫీజు ఎన్ని రోజులకు, ఎంత?

రోజుకు రూ. 200. గడువు రోజైన 31 జనవరిని లెక్కించరు. 1 ఫిబ్రవరి మొదటి రోజు. దాఖలు చేసిన రోజును లెక్కలో కలుపుతారు. 2025 ఫిబ్రవరికి 28 రోజులు, మార్చిలో 12 రోజులు, మొత్తం 40 రోజులు. 40 × 200 = రూ. 8,000. ఇక్కడ నెలలతో పని లేదు, పన్ను ఎంత అన్నదానితోనూ పెద్దగా పని లేదు.

‘పెద్దగా’ అంటే ఏమిటి?

ఫీజుకు ఒక పరిమితి ఉంది: ఆ త్రైమాసికంలో మినహాయించవలసిన మొత్తం పన్నును అది మించకూడదు. మన కంపెనీ పన్ను రూ. 48,000 కాబట్టి ఫీజు 240 రోజుల వరకు, అంటే 28 సెప్టెంబరు 2025 దాకా పెరుగుతూనే ఉండేది. ఆ తర్వాత ఆగిపోయేది. అదే త్రైమాసికంలో రూ. 6,000 మాత్రమే మినహాయించిన సంస్థ అయితే 30 రోజులకే, అంటే 2 మార్చికే పరిమితి చేరుతుంది. పన్నే లేని త్రైమాసికానికి ఫీజు లేదు.

ఫీజును ఎప్పుడు కట్టాలి? చలానా తేదీ వరకా, దాఖలు తేదీ వరకా లెక్కించాలి?

స్టేట్‌మెంటు దాఖలు చేయడానికి ముందే ఫీజు కట్టాలని సెక్షన్ 234ఈ చెబుతుంది. లెక్క మాత్రం దాఖలు తేదీ వరకు నడుస్తుంది. అంటే కట్టే రోజునే దాఖలు చేసే రోజును ఊహించాలి. ఈ లెక్కలో తప్పు దొర్లే చోటు ఇదే.

మన కంపెనీలో జరిగింది అదే. 10 మార్చి సోమవారం పన్ను, వడ్డీ, ఫీజు అన్నీ కట్టి ఆ రోజే దాఖలు చేద్దామనుకున్నారు. ఆ రోజుకు 38 రోజులు కాబట్టి ఫీజు రూ. 7,600 కట్టారు. తీరా అప్‌లోడ్ చేయబోతే డైరెక్టరు డిజిటల్ సంతకం గడువు ముగిసి ఉంది. కొత్తది వచ్చేసరికి 12వ తేదీ అయింది. ఆ రెండు రోజులకు మరో రూ. 400 వేరే చలానా కట్టి, దాన్ని కూడా స్టేట్‌మెంటులో చేర్చి దాఖలు చేశారు. ఆ నాలుగు వందలు వదిలేసి ఉంటే కొద్ది రోజులకు అదే మొత్తానికి డిమాండు నోటీసు వచ్చేది. చలానా కట్టే ముందే సంతకం చెల్లుబాటును, తయారు చేసిన ఫైల్ దాన్ని సరిచూసే FVU సాఫ్ట్‌వేర్ పరీక్షలో తప్పులు లేకుండా గట్టెక్కిందా లేదా అన్నదాన్ని చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

చలానాలో ఏ గడిలో ఏది చూపాలి?

చలానా 281లో పన్ను, వడ్డీ, సెక్షన్ 234ఈ ఫీజు వేర్వేరు గడులు. కట్టిన తర్వాత అవే మొత్తాలను స్టేట్‌మెంటులోని చలానా వివరాల్లో వడ్డీ, ఫీజు నిలువు వరుసల్లో మళ్లీ చూపాలి. చలానా కట్టారు కానీ స్టేట్‌మెంటులో వడ్డీ గడి ఖాళీగా వదిలేశారంటే, డబ్బు ప్రభుత్వ ఖాతాలో ఉన్నా దాన్ని వడ్డీ కింద వాడుకున్నట్టు లెక్క కాదు.

రిటర్ను ఆలస్యంలో ఎక్కువ బరువు దేనిది?

మన లెక్కలో వడ్డీ రూ. 2,040, ఫీజు రూ. 8,000. మొత్తం రూ. 10,040లో ఐదింట నాలుగు వంతులు ఫీజే. డిసెంబరు నాటి రూ. 16,000 పన్ను ఒక నెల ఆగితే పడే వడ్డీ రూ. 240, స్టేట్‌మెంటు ఒక నెల ఆగితే పడే ఫీజు దాదాపు రూ. 6,000. చిన్న సంస్థల యజమానులు సాధారణంగా దీన్ని తలకిందులుగా చూస్తారు. డబ్బు సర్దుబాటు కాలేదు కాబట్టి అంతా సర్దుబాటు అయ్యాక ఒకేసారి కట్టి దాఖలు చేద్దామని ఆగుతారు.

ఈ కంపెనీ కూడా సరిగ్గా అలాగే ఆగింది. జనవరి 31 నాటికి దాని చేతిలో రెండు చలానాలు ఉన్నాయి: అక్టోబరు రూ. 6,000, నవంబరు రూ. 26,000. ఆ రెండింటి వివరాలతో గడువులోగా అసలు స్టేట్‌మెంటు దాఖలు చేసి, మిగిలిన రూ. 16,000 కట్టిన తర్వాత సవరణ స్టేట్‌మెంటు ద్వారా ఆ వివరాలను చేర్చి ఉంటే, 234ఈ ఫీజు పడేది కాదు. ఎందుకంటే ఆ ఫీజు అసలు స్టేట్‌మెంటు ఆలస్యానికి వేసేదే తప్ప సవరణకు వేసేది కాదు. డిసెంబరు పన్నుపై వడ్డీ మాత్రం ఎలాగూ తప్పదు. ఒక హెచ్చరిక ఉంది: ఇది కట్టడానికి డబ్బు లేని నెలకు ఆపద్ధర్మమే. వివరాలను కావాలని దాచి తప్పుడు స్టేట్‌మెంటు ఇస్తే సెక్షన్ 271హెచ్ కింద వేరే జరిమానా ఉంది. కాబట్టి సవరణను నెలల తరబడి సాగదీయకూడదు.

సెక్షన్ 271హెచ్ జరిమానా ఈ కంపెనీకి పడుతుందా?

పడదు. ఆ జరిమానా రూ. 10,000 నుంచి లక్ష వరకు ఉండవచ్చు, అది లేట్ ఫీజుకు అదనం. కానీ పన్ను, వడ్డీ, ఫీజు అన్నీ కట్టి, గడువు నుంచి ఒక ఏడాదిలోగా స్టేట్‌మెంటు దాఖలు చేస్తే ఆలస్యానికి జరిమానా ఉండదని అప్పటి నిబంధన. 1 ఏప్రిల్ 2025 నుంచి ఆ ఏడాదిని ఒక నెలకు కుదించారు. ఇదే 40 రోజుల ఆలస్యం ఆ తేదీ తర్వాత జరిగితే ఈ రక్షణ దొరకదు.

లేట్ ఫీజును మాఫీ చేయమని అధికారిని అడగవచ్చా?

సెక్షన్ 234ఈలో సహేతుక కారణం చూపి తప్పించుకునే వెసులుబాటు లేదు. ఈ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని బాంబే హైకోర్టు 2015లో తీర్పు చెప్పింది. అకౌంటెంటు మానేశాడు, సర్వర్ పనిచేయలేదు వంటి వివరణలతో లేఖలు రాయడం వృథా ప్రయాస.

నోటీసు వస్తే లెక్క సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ పనులకు నడిపే TRACES పోర్టల్‌లోకి వెళ్లి ఆ త్రైమాసికానికి Justification Report కోరి డౌన్‌లోడ్ చేసుకోండి. అందులో ఆలస్యంగా కట్టినందుకు వడ్డీ, ఆలస్యంగా మినహాయించినందుకు వడ్డీ, లేట్ ఫీజు వేర్వేరుగా ఉంటాయి. ముందుగా మినహాయింపు తేదీ, జమ తేదీ అన్న రెండు వరుసలను మీ పుస్తకాలతో పోల్చండి. వడ్డీ అనూహ్యంగా ఎక్కువ వచ్చిందంటే చాలాసార్లు కారణం తేదీ తప్పుగా టైపు చేయడమే. ఉదాహరణకు 5 డిసెంబరు నాటి అద్దెకు మినహాయింపు తేదీని 5 నవంబరుగా నమోదు చేస్తే మరో నెల వడ్డీ చేరుతుంది. అలాంటి తప్పును డబ్బు కట్టి కాదు, సవరణ స్టేట్‌మెంటుతో సరిచేయాలి.

తేదీలు సరిగానే ఉండి లెక్క నిజమైతే, డిమాండు మొత్తాన్ని చలానా 281 ద్వారా కట్టి, ఆ చలానాను సవరణ స్టేట్‌మెంటులో జోడించాలి. కట్టి ఊరుకుంటే డిమాండు తొలగిపోదు. నోటీసు అందిన 30 రోజుల్లోగా కట్టకపోతే సెక్షన్ 220(2) కింద నెలకు 1 శాతం చొప్పున మరో వడ్డీ మొదలవుతుంది. ఇక్కడ కూడా నెలలో భాగమంటే పూర్తి నెలే.

జీఎస్టీ రిటర్ను వడ్డీ కూడా ఇలాగే లెక్కిస్తారా?

లేదు. జీఎస్టీలో వడ్డీ సంవత్సరానికి 18 శాతం, అది ఆలస్యమైన రోజుల చొప్పున పడుతుంది. అక్కడ రెండు రోజులంటే రెండు రోజులే. రెండు రిటర్నులూ చూసే అకౌంటెంటు జీఎస్టీ అలవాటు కొద్దీ టీడీఎస్‌కు రోజుల వడ్డీ లెక్కించడం తరచుగా జరిగేదే. నవంబరు పన్ను రూ. 26,000 మీద రెండు రోజులకు జీఎస్టీ పద్ధతిలో వేస్తే పాతిక రూపాయల చిల్లర వస్తుంది. టీడీఎస్ పద్ధతిలో అది రూ. 780.

కన్సల్టెంటుకు ఈ ఆలస్యం వల్ల ఏమైనా ఇబ్బంది ఉందా?

ఉంది. స్టేట్‌మెంటు దాఖలై ప్రాసెస్ అయ్యే వరకు ఆయన పేరున జమ అయిన పన్నును చూపే 26ఏఎస్‌లో ఆ రూ. 30,000 కనిపించవు, పన్ను మినహాయించినట్టు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఫారం 16ఏ కూడా ఆయనకు అందదు. కంపెనీ ఎంత వడ్డీ, ఎంత ఫీజు కట్టినా అది కంపెనీ సొంత ఖర్చే. అందులో ఒక్క రూపాయి కూడా ఆయన బిల్లులోంచి కోయడానికి వీల్లేదు.